టెట్ పేపర్లు, అర్హత మార్కులు, సర్టిఫికెట్ చెల్లుబాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉపాధ్యాయ అర్హత పరీక్షలను, అంటే టెట్‌లను, వాటితోపాటు కేంద్రం నిర్వహించే సీటెట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. "జీవితకాల చెల్లుబాటు" అన్న మాట చూసి చాలామంది ఇక ఏ అడ్డూ లేదనుకుంటారు. ఆ మాట తీసేసింది కాలపరిమితిని మాత్రమే. పేపరు, సబ్జెక్టు, చదువు, రిజర్వేషన్ కేటగిరీకి సంబంధించిన పరిమితులు అలాగే ఉన్నాయి. అభ్యర్థులకు చిక్కులు ఎక్కువగా అక్కడే వస్తాయి కాబట్టి ఆ జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

టెట్ అసలు ఎందుకు పెట్టారు? డీఎస్సీ ఉండగా ఇంకో పరీక్ష ఎందుకు?

విద్యాహక్కు చట్టం (2009)లోని 23వ సెక్షన్ ప్రకారం 1 నుంచి 8 తరగతులకు చెప్పే టీచర్లకు ఉండాల్సిన కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ నిర్ణయిస్తుంది. ఆ సంస్థ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌లో డీఎడ్, బీఎడ్‌లతోపాటు టెట్ పాసవడాన్ని కూడా కనీస అర్హతగా చేర్చింది. పరీక్ష ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2011 ఫిబ్రవరి 11న వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి టెట్ అదే ఏడాది జులైలో జరిగింది.

అంటే టెట్ అర్హత పరీక్ష, డీఎస్సీ నియామక పరీక్ష. టెట్ పాసైనంత మాత్రాన ఉద్యోగం మీద హక్కేమీ రాదు, డీఎస్సీకి దరఖాస్తు చేసుకునే అర్హత మాత్రమే వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం టెట్ మార్కులకు డీఎస్సీలో వెయిటేజీ ఉంది. అందుకే ఇక్కడ టెట్‌ను వట్టి పాస్-ఫెయిల్ పరీక్షలా చూస్తే కుదరదు.

ఎన్ని పేపర్లు ఉంటాయి? ఏది ఎవరు రాయాలి?

పేపర్-1 ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పేవాళ్ళకు, అంటే ఎస్జీటీ అనే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు కోరుకునేవాళ్ళకు. పేపర్-2 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పేవాళ్ళకు, అంటే స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు. ఏపీలో వీటిని 1-ఏ, 2-ఏ అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకు విడిగా 1-బీ, 2-బీ పేపర్లున్నాయి. రెండు స్థాయులకూ అర్హత ఉంటే రెండూ రాయొచ్చు, అయితే సర్టిఫికెట్లు దేనికదే. పేపర్-2 పెద్ద తరగతులది కదా అని పేపర్-1 బదులు దాన్ని చూపిస్తామంటే ఒప్పుకోరు.

ప్రశ్నపత్రంలో ఏ భాగానికి ఎన్ని మార్కులు?

ఏ పేపరైనా 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే, ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టి రాకూడదు.

పేపర్-1లో ఐదు భాగాలుంటాయి: శిశు వికాసం-పెడగాజీ, లాంగ్వేజ్-1, లాంగ్వేజ్-2 అయిన ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం. ఒక్కోదానికి 30 మార్కులు. పేపర్-2లో మొదటి మూడూ ఇవే, 30 మార్కుల చొప్పున. మిగిలిన 60 మార్కులు సబ్జెక్టుకి. గణితం-సైన్స్ వాళ్ళకు అది గణితం 30, సైన్స్ 30గా ఉంటుంది. సోషల్ వాళ్ళకు మొత్తం 60 సోషలే.

శిశు వికాసం రెండు పేపర్లలోనూ ఉంది కదా, ఒకసారి చదివితే చాలనుకోవద్దు. పేపర్-1లో 6 నుంచి 11 ఏళ్ళ పిల్లల గురించి, పేపర్-2లో 11 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి అడుగుతారు. ప్రశ్నల స్థాయి విషయంలోనూ చాలామంది పొరబడతారు. పేపర్-1 సిలబస్ అంశాలు ఐదో తరగతి వరకే అయినా, ప్రశ్న లోతు ఉన్నత పాఠశాల స్థాయి దాకా వెళ్ళొచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. పేపర్-2లో అది ఇంటర్ స్థాయి దాకా వెళ్ళొచ్చు. "ఐదో తరగతి లెక్కలే కదా" అని గణితాన్ని చివరి వారానికి వాయిదా వేసినవాళ్ళు హాల్లో ఇబ్బంది పడేది ఇందువల్లే.

లాంగ్వేజ్-1గా ఏ భాషనైనా పెట్టుకోవచ్చా?

టెట్ సమాచార బులెటిన్‌లో ఇచ్చిన జాబితాలోంచి మాత్రమే ఎంచుకోవాలి. ఆ భాషను పదో తరగతి వరకు మీడియంగానో ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. లాంగ్వేజ్-2 మాత్రం రెండు రాష్ట్రాల టెట్‌లలోనూ అందరికీ ఇంగ్లిషే. దరఖాస్తులో పెట్టిన భాషను పరీక్ష హాల్లో మార్చుకోవడం కుదరదు.

తెలుగు, హిందీ పండిట్లు పేపర్-2లో ఏం రాయాలి?

రెండు రాష్ట్రాల మధ్య పెద్ద తేడా ఇక్కడే. ఏపీలో పేపర్-2ఏలో భాషా ఉపాధ్యాయులకు 60 మార్కుల భాగం వాళ్ళ భాషలోనే ఉంటుంది. తెలంగాణలో ఆ ఏర్పాటు లేదు, గణితం-సైన్స్ గానీ సోషల్ గానీ ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువమంది సోషల్ వైపే మొగ్గుతారు. తాము ఎన్నడూ చెప్పని సబ్జెక్టులో అర్హత తెచ్చుకోమనడం ఏమిటని పండిట్లు అడుగుతూనే ఉన్నారు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నిబంధన మారేదాకా మాత్రం ఆ 60 మార్కుల కోసం ఆరు నుంచి పదో తరగతి వరకు సోషల్ పుస్తకాలు ముందేసుకోక తప్పదు.

పాస్ కావడానికి ఎన్ని మార్కులు? ప్రతి భాగంలోనూ పాసవ్వాలా?

భాగాల వారీగా కనీస మార్కులంటూ లేవు, మొత్తం మార్కులే చూస్తారు. జనరల్ అభ్యర్థులకు 60 శాతం అంటే 90, బీసీలకు 50 శాతం అంటే 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం అంటే 60 మార్కులు. రెండు రాష్ట్రాల్లోనూ ఇవే. ఇంగ్లిష్‌లో 12 వచ్చినా మిగతా చోట్ల కూడగట్టుకుంటే గట్టెక్కవచ్చు.

సీటెట్‌లో జనరల్ అభ్యర్థులకు 60 శాతం. రిజర్వుడ్ వర్గాలకు 55 శాతం, అంటే 82 మార్కులు వస్తే అర్హత ఇస్తారు. ఏపీ టెట్‌లో 75తో పాసైన బీసీ అభ్యర్థికి అవే మార్కులు సీటెట్‌లో వస్తే పాసైనట్టు కాదు.

సర్టిఫికెట్ ఏడేళ్ళేనా, జీవితాంతమా?

జీవితాంతం. 2011 మార్గదర్శకాల్లో చెల్లుబాటు గడువు "గరిష్ఠంగా ఏడేళ్ళు" అని ఉండేది. దీన్ని జీవితకాలానికి పెంచాలని ఎన్‌సీటీఈ 2020 సెప్టెంబరులో నిర్ణయించినా, అప్పుడు అది ఆ తర్వాత జరిగే టెట్‌లకే అన్నారు. పాతవాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న రావడంతో 2021 జూన్‌లో దాన్ని వెనకటి తేదీ నుంచి, అంటే 2011 ఫిబ్రవరి 11 నుంచి వర్తింపజేశారు. ఉమ్మడి రాష్ట్రంలో తొలి టెట్ జరిగింది ఆ తేదీ తర్వాతే. కాబట్టి మన దగ్గర ఇప్పటిదాకా ఇచ్చిన ప్రతి టెట్ సర్టిఫికెట్టూ ఈ నిర్ణయం కిందికి వస్తుంది.

ఏడేళ్ళ గడువు ఎంత అన్యాయంగా ఉండేదో డీఎస్సీల తేదీలు చూస్తే అర్థమవుతుంది. తెలంగాణలో టీఆర్టీ పేరుతో 2017లో జరిగిన టీచర్ నియామక పరీక్ష తర్వాత నియామకాలు పూర్తయిన డీఎస్సీ 2024లోనే వచ్చింది. ఏపీలో 2018 తర్వాత మళ్ళీ 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది. పాత నిబంధనే ఉండి ఉంటే, టెట్ పాసైన మనిషి ఒక్క డీఎస్సీ రాసేలోపు సర్టిఫికెట్‌కు కాలం చెల్లిపోయేది. తప్పు అభ్యర్థిది కాదు, నోటిఫికేషన్ ఇవ్వని ప్రభుత్వానిది. నష్టం మాత్రం అభ్యర్థికి.

నా 2012 సర్టిఫికెట్ మీద "ఏడేళ్ళు" అనే ఉంది. కొత్తది తెచ్చుకోవాలా?

కాగితం మీద ఏడేళ్ళని ఉన్నా ఇప్పుడు వర్తించేది 2021 నిర్ణయమే. 2012లో పాసై 2019లో గడువు ముగిసిన సర్టిఫికెట్‌కూ చెల్లుబాటు తిరిగి వచ్చింది. గడువు ముగిసినవాళ్ళకు పునరుద్ధరణ గానీ కొత్త సర్టిఫికెట్ గానీ ఇచ్చే పని ఎన్‌సీటీఈ రాష్ట్రాలకే అప్పగించింది. డీఎస్సీ దరఖాస్తుకు ముఖ్యంగా కావలసింది టెట్ హాల్‌టికెట్ నంబరు, పరీక్ష జరిగిన నెల-సంవత్సరం, మార్కులు. పాత మెమో ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి. దాని మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు మాత్రం చేయొద్దు.

కొందరు 2019-21 మధ్య పాత సర్టిఫికెట్ పోయిందనుకుని మళ్ళీ రాసి పాసయ్యారు. వాళ్ళ దగ్గర ఇప్పుడు రెండు సర్టిఫికెట్లున్నాయి, రెండూ చెల్లుతాయి. వెయిటేజీకి ఎక్కువ మార్కులున్నది వాడుకోవాలి.

ఉమ్మడి రాష్ట్రంలో పాసయ్యాను. ఇప్పుడు ఏ రాష్ట్రంలో చెల్లుతుంది?

2014 జూన్ 2కు ముందు జరిగిన ఏపీ టెట్ (2011, 2012, 2014 మార్చి) ఉమ్మడి రాష్ట్రానిది, అందువల్ల రెండు రాష్ట్రాల్లోనూ పనికొస్తుంది. విభజన తర్వాతివి మాత్రం రాష్ట్రానికి రాష్ట్రం. 2018 ఏపీ టెట్ పట్టుకుని తెలంగాణ డీఎస్సీకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ నోటిఫికేషన్‌లో టెట్ పేరా ఏం చెబుతోందో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లడం వేరు, అన్ని రాష్ట్రాల్లో చెల్లడం వేరు.

జీవితకాలం చెల్లుతుంది కదా, మళ్ళీ రాయడం ఎందుకు?

మార్కుల కోసం. ఎన్నిసార్లు రాయాలన్న దానికి పరిమితి లేదు, పాసైనవాళ్ళు మార్కులు పెంచుకోవడానికి రాయొచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి. మళ్ళీ రాసినప్పుడు తక్కువ వచ్చినా పాతది పోదు.

అది ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూద్దాం. డీఎస్సీలో రాత పరీక్షకు 80, టెట్‌కు 20. టెట్ మార్కుల్ని 20తో గుణించి 150తో భాగిస్తే వెయిటేజీ వస్తుంది. ఒక అభ్యర్థికి టెట్‌లో 96 వచ్చాయనుకోండి: 96 × 20 ÷ 150 = 12.8. తర్వాత మళ్ళీ రాసి 126 తెచ్చుకుంటే 16.8. పెరిగింది 4 మార్కులు. డీఎస్సీ రాత పరీక్షలో 160 ప్రశ్నలకు 80 మార్కులు, అంటే ప్రశ్నకు అరమార్కు. ఆ 4 మార్కులు డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలతో సమానం. జిల్లా మెరిట్ జాబితాలో అరమార్కు, పావుమార్కు తేడాతో పోస్టులు చేజారే చోట ఎనిమిది ప్రశ్నలంటే చిన్న సంగతి కాదు.

అలాగని అందరూ మళ్ళీ రాయాల్సిన పనిలేదు. ఇప్పటికే 130 దాటినవాళ్ళకు మహా అయినా మూడు మార్కులలోపే కలుస్తాయి. ఆ సమయం డీఎస్సీ కంటెంట్ మీద పెడితే అంతకంటే ఎక్కువే రావచ్చు. 90-110 మధ్య ఆగిపోయినవాళ్ళకే మళ్ళీ రాయడం నిజంగా గిట్టుబాటు.

బులెటిన్‌లో నార్మలైజేషన్ అని, అంటే వేర్వేరు విడతల పేపర్ల కష్టంలో తేడాను సరిచేసే లెక్క అని ఉంటే, మీరు ప్రాథమిక కీతో లెక్కేసుకున్న మార్కులకూ ఫలితంలో వచ్చే మార్కులకూ కొంత తేడా ఉంటుంది. వెయిటేజీ లెక్కకు ఫలితంలో ఉన్న సంఖ్యనే తీసుకోండి.

నేను బీఎడ్ చేశాను. పేపర్-1 పాసై ఉన్నాను. ఎస్జీటీకి అర్హుణ్ణేనా?

కాదు. బీఎడ్ వాళ్ళు ప్రాథమిక తరగతులకు అర్హులేనని ఎన్‌సీటీఈ 2018 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని నమ్మి చాలామంది పేపర్-1 రాసి పాసయ్యారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. ప్రాథమిక స్థాయిలో పిల్లలకు చెప్పడానికి ఉద్దేశించిన శిక్షణ డీఎల్‌ఈడీ, అంటే మునుపటి డీఎడ్ అని, బీఎడ్ అందుకు ప్రత్యామ్నాయం కాదని తీర్పు. ఆ తేదీకి ముందే నియమితులైనవాళ్ళకు తర్వాత రక్షణ కల్పించింది, కొత్త నియామకాలకు మాత్రం తలుపు మూసుకుంది.

మీ పేపర్-1 పాస్ రద్దు కాలేదు, రేపు డీఎల్‌ఈడీ చేస్తే అదే సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. ఇప్పటికైతే మీ దారి పేపర్-2, స్కూల్ అసిస్టెంట్.

సోషల్‌తో పేపర్-2 పాసయ్యాను. తర్వాత గణితంలో బీఎడ్ అర్హత వస్తే?

గణితం-సైన్స్‌తో మళ్ళీ రాయాల్సిందే. పేపర్-2 సర్టిఫికెట్ మీరు రాసిన ఐచ్ఛిక సబ్జెక్టుకే పనికొస్తుంది. గణితం, సైన్స్‌లకు మాత్రం ఒకే ఐచ్ఛికం కాబట్టి, ఆ పేపర్ పాసైతే డిగ్రీ, బీఎడ్ మెథడాలజీని బట్టి గణితానికో ఫిజికల్ సైన్స్‌కో బయాలజీకో వెళ్ళొచ్చు.

ఫైనలియర్‌లో ఉండగా రాసి పాసయ్యాను. బీఎడ్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది. టెట్ పోతుందా?

ఆఖరి సంవత్సరం వాళ్ళను రాయనిస్తారు. టెట్ పాస్ పోదు, అయితే బీఎడ్ పూర్తయ్యేదాకా దాంతో ఉద్యోగానికి అర్హత రాదు. డీఎస్సీ నోటిఫికేషన్ చెప్పిన తేదీ నాటికి బీఎడ్ పాసై ఉండాలి.

బీసీగా 78 మార్కులతో పాసయ్యాను. కుల ధ్రువీకరణ పత్రం తేలేకపోతే?

అప్పుడు మిమ్మల్ని జనరల్ కిందే చూస్తారు, జనరల్‌కు 90 కావాలి, అంటే పాసవనట్టే లెక్క. దరఖాస్తులో కేటగిరీని పొరపాటున నొక్కినవాళ్ళకు ఇది ఫలితం రోజున తెలియదు, ఏళ్ళ తర్వాత డీఎస్సీ సర్టిఫికెట్ వెరిఫికేషన్ బల్ల దగ్గర తెలుస్తుంది. ఎడిట్ అవకాశం ఇచ్చినప్పుడు కేటగిరీ, పుట్టిన తేదీ, పదో తరగతి మెమో ప్రకారం పేరు, ఈ మూడూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరాలతో, ఇంకో చోట పూర్తిగా ఉండటం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తేడా.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లూ టెట్ రాయాలా?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ ప్రశ్న ఒక్కసారిగా పెద్దదైంది. టెట్ లేకుండా నియమితులై, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని ఆ తీర్పు చెప్పింది. ఐదేళ్ళలోపు సర్వీసు మిగిలినవాళ్ళు టెట్ లేకుండానే విరమణ దాకా కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం వాళ్ళూ పాసవ్వాలి. మైనారిటీ విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు, కాబట్టి ఆ స్కూళ్ళ టీచర్ల సంగతి వేరు.

లెక్క ఇలా చూసుకోవాలి. తీర్పు రోజు నాటికి విరమణకు ఆరేళ్ళున్న టీచరుకు టెట్ తప్పదు, గడువు 2027 ఆగస్టు చివరికి ముగుస్తుంది. నాలుగేళ్ళున్న టీచరుకు ఉద్యోగం కోసం అక్కర్లేదు. 2012లోనో 2018లోనో టెట్ పాసయ్యే డీఎస్సీ ద్వారా వచ్చినవాళ్ళకు కంగారు అక్కర్లేదు, వాళ్ళ సర్టిఫికెట్‌కు ఇప్పుడు గడువే లేదు. గడువున్న రోజుల్లోనూ నియామకం నాటికి సర్టిఫికెట్ చెల్లితే చాలు, ఏడేళ్ళు నిండగానే ఉద్యోగం పోయేది కాదు.

పదోన్నతి విషయంలో ఇంకో మెలిక ఉంది. పేపర్-1తో చేరిన ఎస్జీటీ స్కూల్ అసిస్టెంట్ కావాలంటే ఆ పేపర్-1 ఎంత జీవితకాలమైనా సరిపోదు. వెళ్ళబోయే స్థాయి పేపర్-2ది, కావలసింది ఆ పేపర్ పాస్.

సర్టిఫికెట్ పోతే ఎలా?

సీటెట్ మార్కుల పత్రం, సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటాయి, పరీక్ష సమాచారం ctet.nic.in లో దొరుకుతుంది. రాష్ట్ర టెట్ మెమోలను ఆయా టెట్ వెబ్‌సైట్లలో హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి దించుకోవాలి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు పాత లింకులు తరచు మాయమవుతాయి. కాబట్టి ఫలితం వచ్చిన వారంలోనే పీడీఎఫ్ దించుకుని, ఒక కాపీ మెయిల్‌లో, ఒక ప్రింటు ఫైల్లో పెట్టుకోండి. 2011-14 నాటి మెమో పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర కనీసం హాల్‌టికెట్ నంబరైనా ఉంటే పాఠశాల విద్యాశాఖకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. అదీ లేకపోతే పాత డీఎస్సీ దరఖాస్తు ప్రింటు వెతకండి, టెట్ నంబరు అందులో వేసి ఉంటుంది.